పచ్చ చుక్కను నమ్మే ముందు

ఇన్‌డిజైన్‌లో పేజీలు కూర్చేవాళ్లకి తెర అడుగున, ఎడమ వైపున, ఓ చిన్న చుక్క ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది. అంతా బాగుంటే అది పచ్చగా ఉండి పక్కన No errors అని చూపిస్తుంది. ఏదైనా తేడా వస్తే ఎర్రబడి, ఎన్ని తప్పులున్నాయో అంకె వేస్తుంది. ఫైలు ప్రెస్సుకి పంపే ముందు జరగాల్సిన ఈ తనిఖీనే ప్రీఫ్లైట్ అంటారు. 2008లో వచ్చిన సీఎస్4 నుంచి ఇది ప్రత్యేకంగా నడపాల్సిన పని లేకుండా, మనం పేజీలు కూరుస్తుండగానే వెనక నడిచేలా మారింది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, ఆ పచ్చ చుక్క చూసి చాలామంది ఫైలు ప్రెస్సుకి ఇచ్చేస్తారు. ఇన్‌డిజైన్‌తో పాటు వచ్చే మామూలు ప్రొఫైల్ పేరు [Basic]. అది ప్రధానంగా చూసేవి మూడే: పేజీలో పెట్టిన ఫొటోల అసలు ఫైళ్లు ఉన్నాయా, ఫాంట్లు ఉన్నాయా, డబ్బాలో పట్టక మాటలు బయట మిగిలిపోయాయా. ఫొటో అచ్చుకి సరిపోయేంత స్పష్టంగా ఉందో లేదో అది చూడదు. నలుపులో మాత్రమే వేయాల్సిన పేజీలోకి నీలం రంగు దూరిందో లేదో కూడా చూడదు. ఈ రెండూ చూడమని మనం చెప్పాలి. చెప్పకపోతే వాట్సాప్‌లో వచ్చిన మసక ఫొటో ముఖచిత్రం మీదున్నా చుక్క పచ్చగానే వెలుగుతుంది.

ఈ విషయం డిజైనర్లకే కాదు, డబ్బు పెట్టి అచ్చు వేయించుకునే వాళ్లకీ తెలిసి ఉండాలి. పూర్వ విద్యార్థుల సంఘం సావనీరు, గుడి బ్రహ్మోత్సవాల పుస్తకం, సొంత ఖర్చుతో వేసుకునే కవితా సంపుటి లాంటి పనుల్లో డిజైనర్ ఒకచోట, ప్రెస్సు ఇంకోచోట, ఫొటోలు పంపేవాళ్లు నాలుగు దేశాల్లో ఉంటారు. తప్పు ఎక్కడో ఒకచోట దొర్లుతుంది. ప్లేట్లు తీశాక బయటపడితే మళ్లీ ప్లేట్లు తీయించాలి. కాగితం మీదికి వచ్చాక బయటపడితే కాగితం కూడా పోయినట్టే.

ఒక సావనీరునే ఉదాహరణగా తీసుకుందాం. ఇలాంటి పనుల్లో తరచూ కనిపించే తప్పుల్ని ఒకచోట చేర్చి చెబుతున్నాను. ఒక హైస్కూలు పూర్వ విద్యార్థులు వేస్తున్న పుస్తకం. సైజు 1/8 డెమీ, అంటే సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు. మొత్తం 96 పేజీలు. మొదటి 16 పేజీలు నాలుగు రంగుల్లో, మిగతా 80 పేజీలు నలుపులో.

ఈ లెక్కకి ప్రెస్సులో ఒక అర్థం ఉంది. డెమీ షీటును మడిస్తే ఒక్కో వైపు ఎనిమిది చొప్పున 16 పేజీలు వస్తాయి. దీన్నే ఒక ఫారం అంటారు. ఒక్కో వైపుకి, ఒక్కో రంగుకి ఒక ప్లేటు కావాలి. రంగుల ఫారానికి నాలుగు రంగులు, రెండు వైపులు కాబట్టి ఎనిమిది ప్లేట్లు. నలుపు ఫారానికి రెండు చాలు. మన సావనీరులో నలుపు ఫారాలు ఐదు కాబట్టి వాటికి పది ప్లేట్లు. కొటేషన్ ఈ లెక్క మీదే ఇస్తారు. ఇప్పుడు 61వ పేజీలో ఎక్కడో ఒక నీలం గీత ఉందనుకుందాం. ఆ గీత కోసం ఎనిమిది ప్లేట్లు తీయరు. నలుపు ప్లేటు ఒక్కటే తీసుకుంటారు. అప్పుడా గీత చుక్కలు చుక్కలుగా వెలిసిపోయి పడొచ్చు, అసలు పడకపోనూ వచ్చు. కంప్యూటర్ తెర మీద మాత్రం అది నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటుంది.

అందుకని తనిఖీ మొదలుపెట్టే ముందు ప్రెస్సు వాళ్లని రెండు సంగతులు అడగాలి. ఏయే పేజీలు ఎన్ని రంగుల్లో వేస్తారు? ఆ కాగితం మీద స్క్రీన్ ఎన్ని లైన్లు? ఫొటోను అచ్చులో చిన్న చుక్కలుగా విడగొడతారు కదా, అంగుళానికి ఎన్ని వరసల చుక్కలన్నదే ఈ లైన్ల లెక్క. ఆర్ట్ పేపరు మీద మామూలుగా 150 లైన్లు వాడతారు. న్యూస్‌ప్రింట్ మీద 85 నుంచి 100 దాకా ఉంటుంది. ఫొటోలో అంగుళానికి దీనికి రెట్టింపు పిక్సెళ్లు ఉంటే నిశ్చింత. 300 డీపీఐ కావాలని అందరూ అనే మాట 150ని రెట్టింపు చేస్తే వచ్చిందే.

ఈ జవాబులు చేతిలో ఉంటే సొంత ప్రొఫైల్ తయారు చేసుకోవడం పది నిమిషాల పని. Window > Output > Preflight తెరిచి, ఆ ప్యానెల్ మెనూలో Define Profiles నొక్కాలి. ప్లస్ గుర్తు నొక్కితే కొత్త ప్రొఫైల్ వస్తుంది. మన సావనీరుకి రెండు కావాలి. మొదటిది రంగుల పేజీలకి. అందులో COLOR కింద Color Spaces and Modes Not Allowed దగ్గర RGB, Lab, Spot Color టిక్ చేయాలి. IMAGES and OBJECTS కింద Image Resolution తెరిస్తే రంగు ఫొటోలకీ, నలుపు తెలుపు ఫొటోలకీ 250 అనీ, ఒకే బిట్ ఉన్న లైన్ బొమ్మలకి 800 అనీ ముందే వేసి ఉంటుంది. వాటిని టిక్ చేస్తే చాలు. రెండో ప్రొఫైల్ నలుపు పేజీలకి. ఇందులో పైవాటితో పాటు Cyan, Magenta, or Yellow Plates Not Allowed కూడా టిక్ చేయాలి. ప్యానెల్ అడుగున పేజీల నంబర్లు వేసే డబ్బా ఉంటుంది. మొదటి ప్రొఫైల్ ఎంచుకున్నప్పుడు 1-16 అనీ, రెండోది ఎంచుకున్నప్పుడు 17-96 అనీ వేయాలి. ఇలా విడదీయకపోతే రంగుల పేజీల్లో న్యాయంగా ఉన్న రంగుని కూడా తప్పుగా చూపి జాబితాను నింపేస్తుంది.

కొన్ని ప్రెస్సుల దగ్గర తమ మెషిన్లకి తగ్గ ప్రొఫైల్ .idpp ఫైలుగా సిద్ధంగా ఉంటుంది. అడిగితే ఇస్తారు. Load Profile తో దాన్ని తెచ్చుకుంటే ప్రెస్సు వాళ్ల కళ్లతోనే మన ఫైలును మనం చూసుకున్నట్టు.

ప్రొఫైల్ మార్చగానే ఇందాకటి దాకా పచ్చగా ఉన్న చుక్క ఎర్రబడి పక్కన పెద్ద అంకె పడుతుంది. కంగారు పడక్కర్లేదు. ఒకే తప్పు పదిచోట్ల ఉంటే పదిగా లెక్కేస్తుంది. జాబితాలో పేజీ నంబరు మీద నొక్కితే నేరుగా ఆ చోటికే తీసుకెళ్తుంది. ముందు లింకుల సంగతి చూడాలి, ఎందుకంటే అసలు ఫైలు దొరకని ఫొటో గురించి మిగతా పరీక్షలు చెప్పేది నమ్మడానికి లేదు.

ఇన్‌డిజైన్ పేజీలో మనం పెట్టిన ఫొటో నిజానికి ఆ ఫైల్లో ఉండదు. పేజీ కూర్చేటప్పుడు చూసుకోవడానికి ఒక తేలికపాటి నకలు మాత్రం ఉంటుంది. అసలు ఫొటో ఎక్కడుందో దారి రాసిపెట్టుకుంటుంది. ఆ దారే లింకు. డిజైనర్ పెన్‌డ్రైవ్‌లోంచి ఫొటోలు నేరుగా పేజీలో పెట్టి, తర్వాత పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేశాడనుకోండి, లింకుల ప్యానెల్‌లో ఆ ఫొటో పేరు పక్కన ఎర్ర ప్రశ్నార్థకం పడుతుంది. తెర మీద ఫొటో కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి పేజీ చూసినవాళ్లకి అనుమానం రాదు. పీడీఎఫ్ చేసేటప్పుడు హెచ్చరిక వస్తుంది. తొందరలో దాన్ని దాటేస్తే ఆ తేలికపాటి నకలే అచ్చులోకి వెళ్తుంది. పుస్తకంలో ముక్కలు ముక్కలుగా, గళ్లు పడ్డ ఫొటో కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే.

తప్పిపోయిన ఫొటోను తిరిగి చూపించేటప్పుడు Search for Missing Links in This Folder అని ఒక టిక్ ఉంటుంది. ఒక ఫోల్డర్ చూపిస్తే అందులో అదే పేరున్న ఫొటోలన్నిటినీ వెతికి తానే కలిపేస్తుంది. ఎంతో పనికొచ్చే సదుపాయం. కానీ అది చూసేది పేరుని, ఫొటోలోని మనిషిని కాదు. కెమెరాలు ఫొటోలకి DSC_0012.JPG లాంటి పేర్లు పెడతాయి. 1985 బ్యాచ్ వాళ్ల కెమెరాలోనూ 1992 బ్యాచ్ వాళ్ల కెమెరాలోనూ అదే పేరుతో వేరువేరు ఫొటోలు ఉండొచ్చు. వేరే ఫోల్డర్ చూపిస్తే ఒకరి పేరు కింద ఇంకొకరి బొమ్మ వచ్చి కూర్చుంటుంది. లింకు దొరికింది కాబట్టి చుక్క పచ్చబడుతుంది. సావనీరులో ఇంతకన్నా నొప్పించే తప్పు ఉండదు. ముఖ్యంగా నివాళి పేజీల్లో. ఫొటోలు పేజీల్లో పెట్టకముందే అన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి తెచ్చి, పేజీ నంబరు, మనిషి పేరు కలిపి p034_headmaster.tif లాగా పేర్లు మార్చుకుంటే ఈ ప్రమాదం పుట్టదు. ఇప్పటికే మించిపోయి ఉంటే, తిరిగి కలిపిన ప్రతి ఫొటోనూ పాత పీడీఎఫ్ ప్రూఫుతో పక్కపక్కన పెట్టి చూడాలి. వేరే దారి లేదు.

పేరు పక్కన పసుపు త్రికోణం కనిపిస్తే దానర్థం వేరు. ఫొటో ఉంది, కానీ పేజీలో పెట్టాక ఎవరో దాన్ని మార్చారు. సాధారణంగా ఫొటోషాప్‌లో వెలుతురు సరిచేసి ఉంటారు. అప్‌డేట్ చేసేసి, ఫ్రేములో ఫొటో పక్కకి జరిగిందేమో ఒకసారి చూస్తే సరిపోతుంది.

ఇక స్పష్టత. ఇక్కడ అందరినీ తికమక పెట్టేది ఒకే ఫొటోకి రెండు అంకెలు ఉండడం. లింకుల ప్యానెల్‌లో ఫొటో మీద నొక్కితే కింద Actual PPI, Effective PPI అని రెండు కనిపిస్తాయి. మొదటిది ఫైల్లో రాసి ఉన్న లెక్క. రెండోది పేజీలో మనం దాన్ని పెంచాకో తగ్గించాకో మిగిలిన లెక్క. అచ్చుకి కావాల్సింది రెండోదే. మన సావనీరులో హెడ్‌మాస్టర్ గారి పాత ఫొటో ఒకటి ఉంది. అంగుళంన్నర వెడల్పున్న ప్రింటుని 300 డీపీఐలో స్కాన్ చేశారు. Actual PPI చూస్తే 300, నిక్షేపం. కానీ పేజీలో దాన్ని నాలుగున్నర అంగుళాలకి పెంచారు, అంటే మూడింతలు. Effective PPI వంద దగ్గర ఆగింది. దీనికి మందు కంప్యూటర్‌లో లేదు. ఆ పాత ప్రింటును మళ్లీ తెచ్చి 900 డీపీఐలో స్కాన్ చేయాలి. మూడింతలు పెంచినా 300 మిగులుతుంది. ఎంత పెంచబోతున్నామో ముందే అనుకుని దానితో 300ని గుణించి స్కాన్ చేసుకుంటే ఇంకోసారి ఆ ఇంటికి తిరగక్కర్లేదు.

ఎనిమిది, తొమ్మిది పేజీల మీద అటూ ఇటూ పరిచిన గ్రూప్ ఫొటోది ఇంకో కథ. అది వాట్సాప్‌లో వచ్చింది. ఫోన్లో చూస్తే ప్రతి మొహం కళకళలాడుతోంది. ప్రీఫ్లైట్ జాబితాలో మాత్రం 137 అని పడింది. లెక్క చూద్దాం. ఫొటోగా పంపినప్పుడు వాట్సాప్ మామూలుగా పొడవు వైపు 1600 పిక్సెళ్లకి కుదించేస్తుంది. మన ఫొటో 1600కి 1200. పేజీ ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు, అంచు కోతలో తెల్లగీత రాకుండా పైనా కిందా అంగుళంలో ఎనిమిదో వంతు అదనంగా కలిపితే 8.75. పన్నెండు వందల పిక్సెళ్లు ఆ ఎత్తున సర్దుకోవాలి, అంటే అంగుళానికి 137. ఫోన్లో తీసిన అసలు ఫొటో 4000కి 3000 పిక్సెళ్లు ఉంటుంది. అదే దొరికితే 3000ని 8.75తో భాగించి 343. ఏ బాధా లేదు.

డీటీపీ ఆపరేటర్ కమిటీ సెక్రటరీకి ఫోన్ చేసి చెప్పాల్సిన మాట చిన్నది: “సార్, ఆ గ్రూప్ ఫొటో తీసినవాళ్ల దగ్గరే అసలుది ఉంటుంది. మళ్లీ ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌లాగా పెట్టమనండి. లేకపోతే మెయిల్‌లో పంపమనండి.” డాక్యుమెంట్‌గా పంపితే వాట్సాప్ కుదించదు. అసలుదే తొలగిపోయి, ఎక్కడా దొరకకపోతే రెండు పేజీల మీద పరవడం మానుకుని ఒక పేజీలో అడ్డంగా, నాలుగున్నర అంగుళాల వెడల్పున పెట్టుకోవాలి. అప్పుడు 1600 పిక్సెళ్లకి 356 వస్తుంది. ఫొటో చిన్నదైందన్న చిన్నబుచ్చుకోవడం మిగిలినా, మొహాలు గుర్తుపట్టేలా ఉంటాయి.

మధ్యలో ఉండే అంకెల విషయంలో మాత్రం మొండిపట్టు అక్కర్లేదు. 250 హద్దుగా పెట్టుకుంటే 238 ఉన్న ఫొటో కూడా ఎర్ర జాబితాలోకి వస్తుంది. 150 లైన్ల స్క్రీన్‌కి ఒకటిన్నర రెట్లు, అంటే 225 ఉన్నా మనుషుల ఫొటోలు బాగానే వస్తాయి. సన్నని అక్షరాలున్న పాత సర్టిఫికెట్ ఫొటో అయితే అదే 225 చాలదు. సంతకం స్కాన్ లాంటి పూర్తి నలుపు తెలుపు లైన్ బొమ్మకి 800 కూడా కనీసమే, ఎందుకంటే దాన్ని చుక్కలుగా విడగొట్టరు, ప్రతి పిక్సెల్ అంచూ అలాగే పడుతుంది. ప్రీఫ్లైట్ ఇచ్చేది అంకె. ఫొటోలో ఏముందో చూసి నిర్ణయించుకోవాల్సింది మనం.

ఈ అంకెని మోసం చేయడం కూడా చాలా తేలిక. ఫొటోషాప్‌లో Image Size తెరిచి, Resample టిక్ ఉంచి, 100 ఉన్నచోట 300 అని కొడితే పిక్సెళ్లు వెడల్పులోనూ ఎత్తులోనూ మూడింతలవుతాయి. ప్రీఫ్లైట్ వెంటనే శాంతిస్తుంది. కానీ కొత్త పిక్సెళ్లలో కొత్త వివరం ఏమీ లేదు, పక్కనున్న వాటిని చూసి ఊహించి నింపినవే. అచ్చులో చర్మం మైనం పూసినట్టు, జుట్టు ఒకే ముద్దలా వస్తుంది. అలాంటి ఫొటోను గుర్తుపట్టాలంటే నూరు శాతానికి జూమ్ చేసి కనురెప్పలూ, చీర అంచూ, నేపథ్యంలో ఉన్న బోర్డు మీది అక్షరాలూ చూడాలి. వాటి చుట్టూ చిన్న చిన్న గళ్లు కానీ మరకలు కానీ ఉంటే అంకె ఎంతున్నా అది వాట్సాప్ ఫొటోయే.

రంగుల దగ్గరికి వద్దాం. తెలుగు పుస్తకాల్లో ఎక్కువ నష్టం చేసేది, కంటికి అసలు కనిపించనిది, ఇదే. జ్ఞాపకాల వ్యాసాలు చాలావరకు వర్డ్ ఫైళ్లలో వస్తాయి. వాటిని ఇన్‌డిజైన్‌లోకి తెచ్చినప్పుడు అందులోని రంగులు కూడా వెంట వస్తాయి. స్వాచెస్ ప్యానెల్ తెరిస్తే Word_R0_G0_B255 లాంటి పేర్లు కనిపిస్తాయి. మెయిల్ అడ్రసు కింద వర్డ్ తనంతట తాను వేసిన నీలం గీత అలా వచ్చిందే. నీలం కంటికి కనిపిస్తుంది కాబట్టి ఎలాగో పట్టుకుంటాం. Word_R0_G0_B0 అయితే? తెర మీద అది నలుపే. ఎంత దగ్గరగా చూసినా నలుపే. అయినా అది ప్రెస్సు నలుపు కాదు, తెర నలుపు.

తెర నలుపుని అచ్చు రంగుల్లోకి మార్చినప్పుడు, ఇన్‌డిజైన్‌లో మామూలుగా ఉండే U.S. Web Coated (SWOP) v2 ప్రొఫైల్ ప్రకారం, సయాన్ 75, మెజెంటా 68, పసుపు 67, నలుపు 90 శాతం అవుతుంది. రంగుల పేజీల్లో దీని ఫలితం ఒకలా ఉంటుంది. ఒక్క అక్షరాన్ని నాలుగు ప్లేట్లు కలిసి అచ్చేయాలి. మెషిన్ మీద ఏ ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరం చుట్టూ ఎర్రటి, నీలపు నీడ పడుతుంది. తెలుగులో వత్తులు, సుడులు, అర్ధచంద్రాల్లాంటి వంపులు చిన్నచోట ఇరుక్కుని ఉంటాయి. పది పాయింట్ల అక్షరంలో ‘ష్ట్ర’ కింది భాగం పూడుకుపోయి ముద్దగా కనిపిస్తుంది.

నలుపు పేజీల్లో ఫలితం ఇంకోలా ఉంటుంది. అక్కడ తీసుకునేది నలుపు ప్లేటు ఒక్కటే అని చెప్పుకున్నాం. అందులో ఆ అక్షరం 90 శాతమే ఉంది. నూరు శాతం నలుపయితే ప్లేటు మీద అక్షరం గట్టి ముద్రగా, అంచులు నున్నగా పడుతుంది. 90 శాతమంటే దాన్ని ఫొటోలాగా చుక్కలుగా విడగొట్టాల్సిందే. అక్షరం అంచులు రంపం పళ్లలా అవుతాయి, తలకట్లు పలచబడతాయి. పుస్తకం చేతికొచ్చాక ఒక వ్యాసం చిక్కగా, పక్క వ్యాసం కొంచెం మసగ్గా ఉంటే సిరా తక్కువైందని ప్రెస్సు మీద కోప్పడతారు. భూతద్దంతో చూస్తే సంగతి తేలిపోతుంది: సిరా తక్కువైతే ఆ షీటు అంతటా పలచగా ఉంటుంది, ఇది ఒక వ్యాసానికే పరిమితమై, అక్షరాల లోపల సన్నటి తెల్ల చుక్కలతో ఉంటుంది.

దిద్దుబాటు తేలికే. స్వాచెస్ ప్యానెల్‌లో ఆ Word రంగును తొలగించబోతే దాని బదులు ఏ రంగు పెట్టాలని అడుగుతుంది. [Black] ఎంచుకుంటే పుస్తకమంతటా ఒక్క దెబ్బతో మారిపోతుంది. పక్కనే [Registration] అని ఒకటి ఉంటుంది, అది కూడా చూడ్డానికి నలుపే. దాన్ని పొరపాటున ఎంచుకోకూడదు. అది అన్ని ప్లేట్ల మీదా నూరు శాతం పడే రంగు, ప్లేట్లు సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయో లేదో చూసుకునే గుర్తుల కోసం ఉన్నది.

నలుపు పేజీల్లో ఫొటోల రంగు తప్పులు చాలావరకు ఒకే కారణంతో వస్తాయి, అదీ చివరికి లింకుల దగ్గరే తేలుతుంది. డిజైనర్ ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి కొత్త పేరుతో సేవ్ చేస్తాడు. పేజీలో ఉన్న లింకు మాత్రం పాత రంగు ఫొటో వైపే ఉంటుంది. ఫైలు ఉన్నచోటే ఉంది కాబట్టి లింకు పరీక్షలో ఏమీ దొరకదు. RGB వద్దన్న మన ప్రొఫైల్ మాత్రం ఆ ఫొటో పేరు చూపించేస్తుంది.

రంగుల పేజీల్లో RGB ఫొటో ఉండడం నేరమా అంటే, కాదు. పీడీఎఫ్ చేసేటప్పుడు మార్చుకోవచ్చు. పీడీఎఫ్/ఎక్స్-4 పద్ధతిలో పంపితే ప్రెస్సులోనే మారుస్తారు. అయినా సావనీరు లాంటి పనికి ఫొటోలన్నీ ముందే మార్చుకోమని నేను గట్టిగా చెబుతాను. రెండు కారణాలు. నెమలికంఠం చీర అచ్చులో ఎంత వాడిపోతుందో ముందే కనిపిస్తుంది, కాస్త సరిదిద్దుకునే వీలుంటుంది. అంతకన్నా ముఖ్యంగా, ఫొటోల పేర్లు జాబితాలోంచి పోతే మిగిలేవి అక్షరాలూ గీతలూ మాత్రమే. అసలు వెతుకుతున్న తెర నలుపు అప్పుడు స్పష్టంగా బయటపడుతుంది.

స్పాట్ రంగులది వేరే లెక్క. ప్రకటన ఇచ్చిన కంపెనీ లోగోలో ప్యాంటోన్ రంగు ఉంటే అది నాలుగు రంగుల్లో కలవదు, ఐదో ప్లేటు అడుగుతుంది. స్వాచెస్‌లో దాన్ని ప్రాసెస్ రంగుకి మార్చాలి, లేదా Ink Manager లో All Spots to Process టిక్ చేయాలి. పెళ్లి శుభలేఖ మీద బంగారు రంగు వేయిస్తున్నామంటే మాత్రం ఆ స్పాట్ రంగు మనకి కావలసిందే. అప్పుడు ప్రొఫైల్‌లో Spot Color టిక్ తీసేసి, Spot Color Setup లో ఒకటే అనుమతించాలి. అదే బంగారాన్ని రెండు పేర్లతో ఇద్దరు పెట్టి ఉంటే రెండు ప్లేట్లు వస్తాయి కాబట్టి, ఒకటికి మించితే చెప్పమనడమే మంచిది.

ఇంత చేశాక రెండు ప్రొఫైళ్లలోనూ చుక్క పచ్చబడుతుంది. అది నిజంగా పచ్చే, ఒక హద్దు లోపల. యూనికోడ్ తెలుగు కూర్చేటప్పుడు పేరాకి Adobe World-Ready Paragraph Composer ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురవుతాయి. ఫాంటు ఉంది కదా, ప్రీఫ్లైట్‌కి అందులో తప్పేమీ తోచదు. అలాగే ఎవరో పీడీఎఫ్‌గా పంపిన ప్రకటనను పేజీలో పెడితే, దాని లోపలున్న ఫొటోల రెజల్యూషన్ ఇన్‌డిజైన్ చూడదు. లింకుల ప్యానెల్‌లో Effective PPI దగ్గర ఖాళీగా ఉంటుంది. సావనీరుల్లో ప్రకటనలన్నీ చివరి పేజీల్లో, ఇలా పీడీఎఫ్‌లుగానే వస్తాయి.

అందుకే ఆఖరి పరీక్ష ప్రెస్సుకి వెళ్లబోయే పీడీఎఫ్ మీదే జరగాలి. అక్రోబాట్ ప్రోలో Print Production లో Output Preview తెరిస్తే సయాన్, మెజెంటా, యెల్లో, బ్లాక్ నాలుగూ వరసగా కనిపిస్తాయి. బ్లాక్ టిక్ తీసేసి 17వ పేజీ నుంచి ఒక్కొక్కటే తిప్పాలి. పేజీలన్నీ తెల్లకాగితంలా కనిపించాలి. ఎక్కడ ఏది మిగిలినా అది చోటు తప్పిన రంగే. అక్రోబాట్ ప్రో లేనివాళ్లు ఇన్‌డిజైన్‌లోనే Window > Output > Separations Preview లో బ్లాక్ పక్కనున్న కన్ను మూసి ఇదే పని చేయొచ్చు.

మన సావనీరులో 87వ పేజీ దాకా తెల్లగా వచ్చి, 88లో ఒక బట్టల దుకాణం ప్రకటన లేత రంగుల్లో మిగిలింది. రంగుల పీడీఎఫ్‌నే నలుపు పేజీలో పెట్టేశారు. అలాగే వదిలేస్తే ఎర్రచీర మీది తెల్ల అక్షరాలు లేత బూడిద మీద తెల్లగా పడి చదవడానికి రావు, ఎందుకంటే నలుపు ప్లేటులో ఎర్రచీర దాదాపు లేదు. దుకాణం వాళ్లని నలుపు తెలుపు ప్రకటన అడగడం మొదటి దారి. కుదరకపోతే అక్రోబాట్‌లో Convert Colors తో ఆ ప్రకటన పీడీఎఫ్‌ను బూడిద రంగుల్లోకి మార్చి, మళ్లీ పేజీలో పెట్టి, అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయో లేదో ప్రింటు తీసి దుకాణం వాళ్లకి చూపించి ఒప్పించుకోవాలి. డబ్బిచ్చి వేయించుకునే ప్రకటన కాబట్టి ఈ ఒప్పుకోలు కాగితం మీద ఉండాలి. తర్వాత అక్రోబాట్‌లోని Preflight నడిపితే ప్రకటనల లోపలున్న తక్కువ రెజల్యూషన్ ఫొటోల పేజీ నంబర్లు కూడా బయటికొస్తాయి.

ప్రెస్సుకి ఇచ్చేటప్పుడు పీడీఎఫ్‌తో పాటు File > Package తో తయారైన ఫోల్డర్ కూడా ఇవ్వాలి. ఫొటోలు, కాపీ చేయడానికి అనుమతి ఉన్న ఫాంట్లు, ఇన్‌డిజైన్ ఫైలు అన్నీ అందులో చేరతాయి, చివరి నిమిషంలో ఒక పేరు దిద్దాల్సి వస్తే వాళ్ల దగ్గరే దిద్దొచ్చు. దానితో ఒక కాగితం మీద 1 నుంచి 16 నాలుగు రంగులు, 17 నుంచి 96 నలుపు ఒక్కటే, స్పాట్ రంగులు లేవు, 23వ పేజీ ఫొటో 238 అని తెలిసే పెట్టాం అని రాసి జతచేయాలి. ఆ ఆఖరి మాట రాయకపోతే ప్రెస్సులో ప్రీఫ్లైట్ చేసే మనిషి అక్కడే ఆగి ఫోన్ చేస్తాడు, ఫోన్ ఎత్తేదాకా జాబ్ మెషిన్ ఎక్కదు.